నాలుగు డిస్కులు కొని ఒక్క డిస్కు వేగం: డేటాబేస్ కింద రెయిడ్

(నెల్లూరులో ఇంజినీరింగ్ విద్యార్థులకు స్టోరేజ్ సిస్టమ్స్ యూనిట్‌లో భాగంగా చెప్పిన ప్రసంగం. మాటల్లో చెప్పినది చెప్పినట్టే రాసుకున్నది.)

అందరికీ నమస్కారం.

చాలా డిస్కుల్ని కలిపి ఒక్కదానిలా నడిపే పద్ధతే రెయిడ్. మీ పాఠంలో రెయిడ్ లెవెల్స్ పట్టిక ఒకటి ఉంటుంది. సున్నా, ఒకటి, ఐదు, ఆరు, పది అని వరసగా పెట్టి, ఎన్ని డిస్కులు పోతే తట్టుకుంటుంది, ఎంత చోటు మిగులుతుంది అని రెండు గళ్లు గీస్తారు. ఆ పట్టిక మీరు చదివేశారు, నేను మళ్లీ చదవను. డేటాబేస్ నడిపేవాడికి ఆ రెండు గళ్లూ చాలవు. డేటాబేస్ ఒక చిన్న పేజీని మార్చినప్పుడు కింద డిస్కులు ఏయే పనులు, ఏ వరసలో చేస్తాయో తెలియాలి. అది తెలిస్తే రెయిడ్ 5 ఎందుకు నెమ్మదిస్తుందో అర్థమవుతుంది. ఎక్కడ ప్రమాదం తెస్తుందో కూడా అక్కడే తెలుస్తుంది. ఆ రెండూ వేరువేరు లోపాలు కావు, ఒకే పనిలోంచి పుట్టినవి. ఈ పూట నేను చెప్పదలుచుకున్నది అంతే. అందుకే లెవెల్స్ అన్నీ ముట్టుకోను. ఐదునీ పదినీ పక్కపక్కన పెట్టి చూస్తాం.

1988లో బర్క్‌లీలో పాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అనే ముగ్గురు ఈ లెవెల్స్‌కి అంకెలు పెట్టారు. వాళ్ల పత్రంలో ఒకటి నుంచి ఐదు వరకే ఉన్నాయి. సున్నా, ఆరు, పది తర్వాత వాడుకలోకి వచ్చాయి.

ఇప్పుడు మన ఊళ్లకి సరిపోయే ఒక కేసు ఊహించుకుందాం. విడవలూరు, ఇందుకూరుపేట, అల్లూరు వైపు రొయ్యలు కొనే వ్యాపారి ఒకాయన ఉన్నాడు. చెరువు గట్ల మీద చాలాచోట్ల ఆయన కాటాలు నడుస్తున్నాయి. ఒక్కో క్రేటు తూకం వేయగానే ఫోన్‌లో ఎంట్రీ కొడతారు: ఏ చెరువు, ఎన్ని కిలోలు, ఎంత కౌంట్, ఏ రేటు. అవన్నీ నెల్లూరులో ఉన్న ఒక సర్వర్‌లోని పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లోకి వచ్చి పడతాయి. సర్వర్‌లో 4 టీబీ డిస్కులు నాలుగున్నాయి, నిమిషానికి 7200 సార్లు తిరిగేవి. "చోటు కలిసొస్తుంది సార్" అని సర్వర్ అమ్మినతను రెయిడ్ 5 పెట్టి ఇచ్చాడు. నిజమే, రెయిడ్ 5లో 12 టీబీ వస్తుంది, రెయిడ్ 10లో అయితే 8 టీబీనే. కాగితం మీద చూస్తే ఐదే లాభం.

ముందు ఒక డిస్కు తాకత్తు ఎంతో లెక్కేద్దాం. నిమిషానికి 7200 చుట్లంటే సెకనుకు 120 చుట్లు, ఒక చుట్టుకి 8.33 మిల్లీసెకన్లు. మనకు కావలసిన చోటు తల కిందికి రావడానికి సగటున అర చుట్టు పడుతుంది, అంటే 4.2 మిల్లీసెకన్లు. తల సరైన ట్రాక్ మీదికి జరగడానికి ఇంకో 8, 9 మిల్లీసెకన్లు వేసుకోండి. మొత్తం 13 దాకా వస్తుంది. అంటే ఎక్కడపడితే అక్కడ ఉన్న చిన్న చిన్న ముక్కల్ని చదవమన్నా రాయమన్నా ఈ డిస్కు సెకనుకు సుమారు 75 పనులు చేస్తుంది. వరసగా పెద్ద ఫైలు చదివితే సెకనుకు 150 ఎంబీ ఇస్తుందని డబ్బా మీద వేసేది వేరే సంగతి. డేటాబేస్ పని వరసగా ఉండదు. పోస్ట్‌గ్రెస్ పేజీ 8 కేబీ, మైఎస్‌క్యూఎల్ వాడే ఇన్నోడీబీ పేజీ 16 కేబీ. అవి డిస్కంతా చెల్లాచెదురుగా ఉంటాయి. కాబట్టి మనం పట్టుకోవలసిన అంకె 75. నాలుగు డిస్కులూ కలిపి 300.

ఇక రెయిడ్ 5 లోపలికి వెళ్దాం. నాలుగు డిస్కుల్లో ప్రతి వరసకీ మూడు ముక్కలు డేటా, ఒక ముక్క పారిటీ. ఈ వరసనే స్ట్రైప్ అంటాం. పారిటీ ఎప్పుడూ ఒకే డిస్కులో ఉండదు, స్ట్రైప్ మారేకొద్దీ డిస్కు మారుతుంది. పారిటీ అంటే కొట్టు లెక్కల పుస్తకంలో అడుగున వేసే మొత్తం లాంటిది. ఒక పద్దు చెరిగిపోయినా, మొత్తంలోంచి మిగతా పద్దులు తీసేస్తే ఆ పద్దు దొరుకుతుంది. ఇక్కడ కూడికకి బదులు ఎక్సార్ చేస్తారు, అంతే తేడా. నాలుగు బిట్లతో బోర్డు మీద వేసి చూద్దాం.

```
A = 1011
B = 0110
C = 1100
P = A xor B xor C = 0001
```

ఇక్కడ A అంటే ఈ రోజు నడుస్తున్న ఒక చెరువు లాటు ఉన్న ముక్క అనుకోండి. B మూడు నెలల కిందట ముగిసిన ఒక రైతు ఖాతా. ఆ రైతుకి డబ్బు ఇచ్చేశారు, ఆ ఖాతా జోలికి ఎవరూ పోవడం లేదు. C ఇంకేదో. ఈ మూడింటికీ ఒకదానితో ఒకదానికి ఏ సంబంధమూ లేదు. ఒకే స్ట్రైప్‌లో పడ్డాయి కాబట్టి పక్కపక్కన ఉన్నాయి. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, తర్వాత దీని దగ్గరికే వస్తాం.

కాటా దగ్గర కొత్త తూకం పడింది. A అనేది 1001గా మారాలి. A మారితే P కూడా మారాలి. కొత్త P కావాలంటే పాత A తెలియాలి, పాత P తెలియాలి. కాబట్టి రెయిడ్‌ని నడిపే కంట్రోలర్ ముందు పాత A చదువుతుంది, పాత P చదువుతుంది. పాత P, పాత A, కొత్త A మూడూ ఎక్సార్ చేస్తే 0011 వస్తుంది. తర్వాత కొత్త A రాస్తుంది, కొత్త P రాస్తుంది. డేటాబేస్ అడిగింది ఒక్క రైట్. డిస్కులు చేసింది నాలుగు పనులు: రెండు చదవడాలు, రెండు రాయడాలు.

రెయిడ్ 10లో ఇదే పని ఎలా జరుగుతుంది? డిస్కులు జతలు జతలుగా ఉంటాయి. ఒక జతలోని రెండింటిలోనూ ఒకే డేటా ఉంటుంది. A మారితే ఆ జతలో రెండుచోట్లా రాస్తే సరి. పాతది ఏముందో తెలుసుకోవలసిన అవసరమే లేదు. రెండు పనులతో అయిపోయింది.

మన దగ్గర ఉన్నవి సెకనుకు 300 పనులు. అన్నీ చిన్న రైట్లే అనుకుంటే రెయిడ్ 10 సెకనుకు 150 రైట్లు ఇస్తుంది. రెయిడ్ 5 ఎంత ఇస్తుంది? 300ని 4తో భాగించండి. 75. అంటే ఒక్క డిస్కు ఇచ్చే వేగం. నాలుగు డిస్కుల డబ్బు పెట్టి, చిన్న రైట్లలో ఒక డిస్కు వేగం కొనుక్కున్నాం.

ఇంకో సూక్ష్మం కూడా చూడండి. పాత A చదివాక అదే చోట కొత్త A రాయాలి. కానీ చదివేటప్పటికే ఆ చోటు తల కింద నుంచి దాటిపోయింది. అది మళ్లీ రావాలంటే పూర్తి చుట్టు తిరగాలి. అంటే ఇంకో 8.33 మిల్లీసెకన్లు ఊరికే నిలబడాలి. పాత విలువలు ముందే మెమరీలో ఉంటే ఈ బాధ తప్పుతుంది. లైనక్స్‌లో స్ట్రైప్ క్యాష్ ఉన్నది అందుకే. కానీ చెల్లాచెదురుగా ఉండే పేజీలకి ఆ అదృష్టం తరచుగా దొరకదు.

ఇప్పుడు మన వ్యాపారి లెక్క. తెల్లవారుజామున పట్టుబడులు జోరుగా ఉన్న వేళ సెకనుకు 25 ఎంట్రీలు వస్తున్నాయనుకుందాం. ఒక్కో ఎంట్రీకి లాటు పేజీ, రైతు ఖాతా పేజీ, రెండు ఇండెక్సు పేజీలు, ఇలా నాలుగు పేజీలు మారతాయనుకోండి. సెకనుకు 100 రైట్లు. మెమరీలో దొరకని చదవడాలు ఇంకో 60. రెయిడ్ 10కి కావలసింది 60, దానికి 200 కలిపితే 260. మన దగ్గర 300 ఉంది, సరిపోయింది. రెయిడ్ 5కి కావలసింది 60, దానికి 400 కలిపితే 460. ఉన్నది 300. ప్రతి సెకనూ 160 పనులు వెనకబడుతూ ఉంటాయి.

డేటాబేస్ మారిన పేజీలను కొంతసేపు మెమరీలోనే ఉంచుకుంటుంది కాబట్టి ఈ తేడా వెంటనే బయటపడదు. చెక్‌పాయింట్ వచ్చినప్పుడు అవన్నీ డిస్కు మీద పడతాయి. అందుకే గట్టు మీద ఉన్న కుర్రాడు చెప్పే ఫిర్యాదు ఇలా ఉంటుంది: "సార్, కొంతసేపు బాగానే ఉంటంది, మళ్లీ ఉన్నట్టుండి సేవ్ కొడితే తిరగతానే ఉంటంది." ఆ మాట వినగానే నెట్‌వర్క్ అని ఫోను కంపెనీని తిట్టకండి. సర్వర్‌లో ఇది కొట్టండి.

```
iostat -x 1
```

ఇందులో `w_await` అనే గడి చూడండి. ఒక రైట్ అడిగిన దగ్గర్నుంచి పూర్తయ్యేదాకా ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో అది చెబుతుంది. మామూలుగా పదుల్లో ఉండేది చెక్‌పాయింట్ వేళకి వందల్లోకి పోతూ, `%util` నూరు దగ్గర అతుక్కుపోయి ఉంటే, డిస్కులు ఇక మోయలేకపోతున్నాయని అర్థం. అదే సమయంలో డేటాబేస్ అడిగింది రైట్లే అయినా, డిస్కుల దగ్గర `r/s` కూడా దానితోపాటు పెరుగుతూ కనిపిస్తే, అవి పారిటీ కోసం జరుగుతున్న చదవడాలు. రెయిడ్ 5 గుర్తు పట్టడానికి ఇంతకంటే స్పష్టమైన ఆనవాలు లేదు.

(ఒక విద్యార్థి ప్రశ్న: "సార్, కంట్రోలర్ కార్డులో క్యాష్ ఉంటే ఈ సమస్య ఉండదు గదా?")

మంచి ప్రశ్న, చాలావరకు నిజం. రెయిడ్ కార్డులో ఒకటి రెండు జీబీల మెమరీ ఉంటుంది, దానికి బ్యాటరీ గానీ కెపాసిటర్ గానీ ఉంటుంది. డేటాబేస్ రైట్ పంపగానే కార్డు దాన్ని మెమరీలో పెట్టుకుని "రాసేశాను" అని చెప్పేస్తుంది. తర్వాత తీరిగ్గా పక్కపక్క రైట్లు కలిపి డిస్కుకి పంపుతుంది. దీన్ని రైట్-బ్యాక్ అంటాం. ఎగుడుదిగుడుగా వచ్చే భారాన్ని ఇది చాలా బాగా సర్దుతుంది. కానీ రోజంతా ఆగకుండా 460 పనులు అడుగుతూ ఉంటే ఆ క్యాష్ కూడా నిండిపోతుంది. నిండాక మళ్లీ డిస్కు వేగమే.

ఇంకో మాట. ఆ బ్యాటరీ కొన్నేళ్లకి పాడవుతుంది. పాడైనప్పుడు కార్డు తనంతట తానే రైట్-త్రూకి మారుతుంది, అంటే డిస్కు మీద పడేదాకా ఆగుతుంది. అది సరైన పనే, కానీ ఎవరికీ చెప్పదు. నేను ఒక ఆస్పత్రి బిల్లింగ్ సర్వర్ చూశాను. సాఫ్ట్‌వేర్ మార్చలేదు, రోగులు పెరగలేదు, ఒక సోమవారం నుంచి బిల్లు సేవ్ చేయడానికి ఎప్పటికంటే ఎన్నో రెట్లు సమయం పడుతోంది. వాళ్లు ముందు డేటాబేస్ ఇండెక్సులన్నీ మళ్లీ కట్టించారు. ఆ తర్వాత మెమరీ పెంచారు. కార్డు లాగ్ తెరిచి చూస్తే ఆదివారం రాత్రి బ్యాటరీ ఫెయిల్ అని ఒక వరస ఉంది. బ్యాటరీ మార్చగానే సమస్య పోయింది. ఉన్నట్టుండి కమిట్లు నెమ్మదించి, చదవడాలు మాత్రం మామూలుగానే ఉంటే, అన్నిటికంటే ముందు కార్డు లాగ్ చూడండి.

దీనికి ఎదురు దిక్కున ఇంకో ప్రమాదం ఉంది, అది దీనికంటే చెడ్డది. బ్యాటరీ లేకుండానే "రాసేశాను" అని చెప్పే వ్యవస్థలు ఉంటాయి. పోస్ట్‌గ్రెస్‌తోపాటు `pg_test_fsync` అని ఒక పనిముట్టు వస్తుంది. సెకనుకు ఎన్నిసార్లు నిజంగా డిస్కు మీదికి రాయించగలమో అది కొలుస్తుంది. మన డిస్కు సెకనుకు 120 చుట్లు తిరుగుతుంది గదా. ఒకే చోట మళ్లీ మళ్లీ రాస్తూ, ప్రతిసారీ అది ప్లాటర్ మీద పడేదాకా ఆగితే, సెకనుకు 120కి మించి సాధ్యమే కాదు. బ్యాటరీ క్యాష్ లేని ఒట్టి 7200 డిస్కు మీద ఆ పనిముట్టు మూడు వేలు చూపిస్తే సంతోషపడకండి. మధ్యలో ఏదో క్యాష్ డేటాబేస్‌కి అబద్ధం చెబుతోంది. కరెంటు పోతే ఆ రైట్లు పోతాయి. కమిట్ అయిందని గట్టు మీద చీటీ చేతికిచ్చిన తూకం సర్వర్‌లో ఉండదు.

కరెంటు అన్నాం కాబట్టి ఇక రెండో సగానికి వద్దాం.

మన జిల్లాలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల కాలం. కరెంటు పోవడం కొత్త కాదు. యూపీఎస్ కొంతసేపు నిలబెడుతుంది, జనరేటర్ అందుకోకపోతే సర్వర్ పడిపోతుంది. మన పాత స్ట్రైప్ దగ్గరికి వెళ్లండి. A మారాలి, P మారాలి. ఇవి రెండు వేరువేరు డిస్కుల్లో ఉన్నాయి. రెండింటినీ సరిగ్గా ఒకే క్షణాన రాయడం ఎవరి చేతా కాదు. A కొత్తది పడింది, P పడబోతుండగా కరెంటు పోయింది. ఇప్పుడు డిస్కుల మీద ఉన్నది ఇది.

```
A = 1001
B = 0110
C = 1100
P = 0001
```

P అనేది 0011 ఉండాలి, పాతదే ఉంది. పారిటీకీ డేటాకీ పొంతన లేదు. దీన్నే రైట్ హోల్ అంటారు. అయినా ఇప్పటికి ఏ డేటా చెడలేదు. B బాగానే ఉంది, C బాగానే ఉంది. A సంగతి డేటాబేస్ చూసుకుంటుంది. ప్రతి మార్పునూ ముందుగా రాసి పెట్టుకునే చిట్టా ఒకటి పోస్ట్‌గ్రెస్‌కి ఉంటుంది, దాని పేరు వాల్ లాగ్. కరెంటు వచ్చాక అది ఆ లాగ్ చదివి, చివరి చెక్‌పాయింట్ తర్వాత మారిన పేజీలన్నీ మళ్లీ రాస్తుంది. అదే సమయంలో లైనక్స్ కూడా సర్వర్ సరిగ్గా ఆగలేదని గుర్తించి, పారిటీ మొత్తం మళ్లీ లెక్కకట్టుకుంటుంది. నాలుగు డిస్కులూ ఆరోగ్యంగా ఉంటే కథ ఇక్కడితో సుఖాంతం.

నాలుగూ ఆరోగ్యంగా లేకపోతే? B ఉన్న డిస్కు రెండు రోజుల కిందటే పోయిందనుకోండి. కొత్త డిస్కు చెన్నై నుంచి రావాలి. అప్పటిదాకా మూడింటితోనే నడుపుతున్నారు. రెయిడ్ 5 అందుకే గదా పెట్టింది. B ఇప్పుడు ఏ డిస్కులోనూ లేదు. ఎవరైనా అడిగితే A, C, P ఎక్సార్ చేసి ఇస్తారు. ఆ స్థితిలో పైన చెప్పినట్టు A మారుతుండగా కరెంటు పోయింది. తిరిగి వచ్చాక B ఎంతో లెక్కకట్టండి. 1001, 1100, 0001 మూడూ ఎక్సార్ చేస్తే 0100. అసలు B 0110. చెడిపోయింది.

ఏం చెడిపోయిందో ఒక్కసారి ఆలోచించండి. రాస్తున్నది A. చెడింది B. మూడు నెలలుగా ఎవరూ ముట్టని రైతు ఖాతా. అది ఎప్పుడో కమిట్ అయింది, ఎప్పుడో డిస్కు మీద పడింది, డేటాబేస్ ఇచ్చిన మాట పూర్తిగా నిలబెట్టుకుంది. వాల్ లాగ్ దాన్ని కాపాడలేదు, ఎందుకంటే ఇటీవల మారిన పేజీలే లాగ్‌లో ఉంటాయి, B వాటిలో లేదు. డేటాబేస్ దృష్టిలో B జోలికి ఎవరూ పోలేదు. అది తన పక్కన ఏ ముక్కలున్నాయో కూడా ఎరగదు. వేగం దగ్గర మనం కట్టిన నాలుగు పనుల సుంకమూ, ఇక్కడ B చెడిపోవడమూ ఒకే కారణం వల్ల వచ్చాయి. సంబంధం లేని డేటాలన్నీ ఒకే పారిటీని పంచుకోవడమే ఆ కారణం. రెయిడ్ 10లో A జతకీ B జతకీ ఏ లంకె లేదు. A రాస్తుండగా కరెంటు పోతే జతలో ఒకదానిలో కొత్తది, ఇంకోదానిలో పాతది ఉండొచ్చు. అది A వరకే, దాన్ని వాల్ లాగ్ సరిదిద్దుతుంది. B మీద చెయ్యి పడదు.

లైనక్స్‌లో రెయిడ్‌ని నడిపే భాగం ఎండీ, దాన్ని ఈ ప్రమాదం తెలిసే కట్టారు. ఒక డిస్కు పోయి, పైగా సరిగ్గా ఆగని రెయిడ్ 5ని అది మామూలుగా పైకి లేపదు. అప్పుడు కంగారులో ఇంటర్నెట్‌లో చూసి `--force` అని కొట్టేస్తారు. డిస్కుల ఎర్రే లేస్తుంది, డేటాబేస్ లేస్తుంది, అందరూ ఊపిరి పీల్చుకుంటారు. B సంగతి ఆ రైతు వచ్చి అడిగేదాకా తెలియదు. అలా లేపవలసి వస్తే డేటాబేస్‌లో పేజీ చెక్‌సమ్‌లు ఉన్నాయో లేదో చూడండి.

```
SHOW data_checksums;
```

`on` అని ఉంటే, చెడిన పేజీ చదివినప్పుడు పోస్ట్‌గ్రెస్ ఎర్రర్ ఇస్తుంది. బాగు చేయలేదు, కానీ తప్పు అంకెను ఒప్పు అంకెలాగా మీ చేతికివ్వదు. ఆ పేజీని బ్యాకప్ నుంచి తెచ్చుకోవచ్చు. అందుకే డేటాబేస్ కట్టే రోజునే చెక్‌సమ్‌లు పెట్టించండి అని నేను గట్టిగా చెబుతాను.

(ఇంకో విద్యార్థిని: "సార్, కరెంటు పోకుండా చూసుకుంటే? మంచి యూపీఎస్ ఉంటే?")

ఉంటే రైట్ హోల్ అరుదవుతుందమ్మా. కెర్నెల్ పడిపోవడం, కార్డు వేలాడిపోవడం లాంటివి యూపీఎస్ ఆపలేదు, అయినా అవి తక్కువే. కానీ డిస్కు పోయాక ఇంకో గండం ఉంది, దానికి కరెంటుతో పని లేదు. రీబిల్డ్.

కొత్త డిస్కు వచ్చింది, పెట్టారు. రెయిడ్ 5లో ఆ డిస్కు నింపాలంటే మిగిలిన మూడు డిస్కుల్నీ మొదటి నుంచి చివరిదాకా చదవాలి. అంటే 12 టీబీ. రెయిడ్ 10లో అయితే పోయినదాని జతని మాత్రం చదివితే చాలు, 4 టీబీ. సెకనుకు 150 ఎంబీ చొప్పున ఎవరూ కదిలించకపోయినా 4 టీబీ రాయడానికి ఏడున్నర గంటలు పడుతుంది. పట్టుబడులు నడుస్తూ ఉంటే ఆ వేగం ఎక్కడుంటుంది? ఒకటి రెండు రోజులు పట్టినా ఆశ్చర్యపోకండి. ఆ రోజుల్లో రెయిడ్ 5లో మిగిలిన మూడు డిస్కుల్లో ఏది పోయినా మొత్తం పోయినట్టే. రెయిడ్ 10లో మిగిలిన మూడింటిలో ఒక్కటే, ఆ జత డిస్కే, ప్రాణం. పైగా నాలుగు డిస్కులూ ఒకే రోజు, ఒకే డబ్బాలో వచ్చినవి, ఒకే వయసువి అని మర్చిపోకండి.

డిస్కు పూర్తిగా పోనక్కర్లేదు కూడా. ఒక సెక్టారు చదవలేకపోయినా చాలు. మామూలు డిస్కులకి తయారీదారులు వేసే హద్దు ఏందంటే, 10 టు ది పవర్ 14 బిట్లు చదివితే ఒక సెక్టారు దాకా చదవలేకపోవచ్చు అని. అది 12.5 టీబీ. మన రెయిడ్ 5 రీబిల్డ్‌కి చదవాల్సింది 12. ఇది గరిష్ఠ హద్దు, నిజంగా వాడుకలో డిస్కులు దీనికంటే బాగానే ఉంటాయి. సర్వర్ డిస్కుల హద్దు దీనికి పది రెట్లు మంచిది. అయినా ఏళ్లుగా ఎవరూ చదవని మూలల్లో చెడిన సెక్టార్లు నిశ్శబ్దంగా పేరుకుంటాయి. అవి బయటపడేది సరిగ్గా రీబిల్డ్ రోజునే, ఇంకో కాపీ లేని వేళ. అందుకే నెలకోసారి మొత్తం చదివించి చూసుకోవాలి.

```
echo check > /sys/block/md0/md/sync_action
cat /proc/mdstat
cat /sys/block/md0/md/mismatch_cnt
```

మొదటిది తనిఖీ మొదలుపెడుతుంది. రెండోదానిలో ఎంతవరకు వచ్చిందో కనిపిస్తుంది. అక్కడే `[UUUU]` అని ఉంటే నాలుగూ ఉన్నాయి, `[UU_U]` అని ఉంటే ఒకటి ఎప్పుడో పోయింది, మీరు గమనించలేదు. మూడోది పొంతన లేని చోట్ల లెక్క. రెయిడ్ 5లో అది సున్నా ఉండాలి. సున్నా కాకపోతే వెంటనే `repair` కొట్టకండి. అది ఉన్న డేటానే నిజమని నమ్మి పారిటీని మార్చేస్తుంది. ముందు బ్యాకప్ తీసి, డేటాబేస్ చెక్‌సమ్‌లు పరీక్షించి, కేబుళ్లూ డిస్కులూ చూసుకుని అప్పుడు.

(ప్రశ్న: "ఇప్పుడు అందరూ ఎస్ఎస్‌డీలే గదా సార్ వాడేది, ఇవన్నీ పాత సంగతులు కాదా?")

తిరిగే చుట్ల లెక్క పాతబడింది, ఒప్పుకుంటా. ఎస్ఎస్‌డీ సెకనుకు వేలకు వేల పనులు చేస్తుంది, కాబట్టి మన రొయ్యల వ్యాపారికి ఎస్ఎస్‌డీల మీద రెయిడ్ 5 పెట్టినా వేగం సరిపోతుంది. కానీ నాలుగు పనులు నాలుగుగానే ఉన్నాయి. రెండు డిస్కుల్ని ఒకే క్షణాన రాయలేకపోవడం అలాగే ఉంది, కాబట్టి రైట్ హోల్ కూడా అలాగే ఉంది. ఎస్ఎస్‌డీ కొనేటప్పుడు కరెంటు పోతే తన క్యాష్‌ని కాపాడుకునే కెపాసిటర్లు ఉన్న రకం కొనండి. డెస్క్‌టాప్ రకాల్లో చాలావాటికి ఉండవు.

రెయిడ్ 5 పనికిరాదని నేను అనడం లేదు, అలా రాసుకోకండి. వరసగా పెద్ద పెద్ద ముక్కలు రాసేటప్పుడు స్ట్రైప్ మొత్తం ఒకేసారి నిండుతుంది, పాతది చదవక్కర్లేదు, నాలుగు పనుల సుంకం ఉండదు. డేటాబేస్ బ్యాకప్‌లు, సీసీ కెమెరా రికార్డింగులు, స్కాన్ చేసిన కాగితాలు, ఇలాంటివాటికి చోటు కలిసొచ్చే రెయిడ్ 5 గానీ, డిస్కులు ఎక్కువగా ఉంటే రెయిడ్ 6 గానీ చక్కగా పనిచేస్తాయి. ఆరులో పారిటీలు రెండు కాబట్టి రీబిల్డ్ మధ్యలో ఒక సెక్టారు చెడినా బతుకుతుంది. చిన్న రైట్ల ఖరీదు మాత్రం ఐదుకంటే ఎక్కువ.

(ప్రశ్న: "సార్, మా నాన్న పనిచేసే చోట ఇప్పటికే రెయిడ్ 5 ఉంది. మార్చడానికి డబ్బు పెట్టరు. ఏం చేయాలి?")

మార్చకుండానే చేయగలిగేవి ఉన్నాయి. మొదటిది, రెండు చిన్న ఎస్ఎస్‌డీలు కొని రెయిడ్ 1 కట్టి, వాల్ లాగ్ ఒక్కటి అక్కడికి తరలించండి. కమిట్ ఆగేది వాల్ లాగ్ కోసమే కాబట్టి సేవ్ కొట్టే మనిషికి తేడా వెంటనే తెలుస్తుంది. పేజీలు వెనకాల రెయిడ్ 5 మీద తీరిగ్గా పడతాయి. కాకపోతే ఒకటి: ఆ రెండు ఎస్ఎస్‌డీలూ ఒక్కసారే పోతే డేటాబేస్ లేవదు, వాటికీ అంతే జాగ్రత్త కావాలి.

రెండోది, అది కార్డు కాకుండా లైనక్స్ ఎండీ రెయిడ్ అయితే రైట్ హోల్ మూయొచ్చు. కెర్నెల్ 4.12 నుంచి పార్షియల్ పారిటీ లాగ్ అని ఒకటుంది, రెయిడ్ 5కి మాత్రమే. స్ట్రైప్ రాసే ముందు, ముట్టుకోని ముక్కల ఎక్సార్‌ని ఒక పక్కన రాసి పెట్టుకుంటుంది. మన ఉదాహరణలో A రాసే ముందు B, C ల ఎక్సార్ భద్రంగా ఉంటుంది, కాబట్టి B ని తప్పుగా లెక్కకట్టే వీలుండదు. ఏ చోట్ల రాత సగంలో ఉందో గుర్తు పెట్టుకునే బిట్‌మ్యాప్ ఉంటే ముందు అది తీసేయాలి.

```
mdadm --grow --bitmap=none /dev/md0
mdadm --grow --consistency-policy=ppl /dev/md0
```

డిస్కుల మీద రెయిడ్ వివరాలు ఉండే సూపర్‌బ్లాక్ పక్కన దానికి చోటుంటేనే ఇది ఒప్పుకుంటుంది. రైట్ వేగం 30, 40 శాతం దాకా తగ్గవచ్చని కెర్నెల్ పత్రాల్లోనే రాశారు. అసలే నెమ్మది ఎర్రే ఇంకా నెమ్మదిస్తుంది, కాబట్టి వాల్ లాగ్ తరలించాకే ఇది చేయండి. ఇవేవీ చేసే ముందు బ్యాకప్ తీయండి. తీసిన బ్యాకప్‌ని వేరే మిషన్‌లో ఒకసారి లేపి చూడండి. ఎవరైనా పొరపాటున రైతుల టేబుల్ `DROP` చేస్తే రెయిడ్ ఏ లెవెల్ అయినా ఆ పొరపాటును అన్ని డిస్కుల్లోనూ శ్రద్ధగా రాస్తుంది.

మూడోది, ఒక డిస్కు అదనంగా కొని అల్మారాలో పెట్టమనండి, ఇప్పటికే ఉన్న వాటి బ్యాచ్ కానిది అయితే ఇంకా మంచిది. చెన్నై నుంచి వచ్చేదాకా ఎదురుచూసే ఆ రెండు రోజులే రెయిడ్ 5కి అన్నిటికంటే చెడ్డ రోజులు. `mdadm --monitor` పెట్టి, డిస్కు పోతే ఎవరి ఫోనుకి కబురు రావాలో ఆ మనిషికి వచ్చేలా చూడండి. మీ నాన్నగారికి వచ్చినా సరే.